ఆలస్యపు హాజరు: గ్రేసు సమయం, నెలాఖరు కోత

పనివేళ మొదలయ్యాక కొన్ని నిమిషాల దాకా వచ్చినవాళ్లను వేళకు వచ్చినట్టే లెక్కగట్టే వెసులుబాటును గ్రేసు సమయం అంటారు. వేళకు రాకపోవడం వల్ల పోయిన పనికాలానికి జీతంలో తగ్గించే సొమ్ము ఆలస్యపు కోత. ఇవి రెండు వేర్వేరు విషయాలు. మొదటిది మన్నింపు, రెండోది లెక్క. మన దగ్గర మాత్రం చాలా పనిస్థలాల్లో రెండింటినీ ఒకే వాక్యంలో కట్టేస్తారు: ‘పది నిమిషాలు గ్రేసు, మూడు లేట్లకు హాఫ్ డే కట్’. గుర్తుపెట్టుకోవడానికి సులువైన నియమమే, కానీ ఇది ఎన్ని నిమిషాలు పోయాయో చూడదు. ఎన్ని రోజులు గీత దాటారో మాత్రమే చూస్తుంది. నెల మొత్తం మీద ఆ తేడా ఎంత పెరుగుతుందో, దాన్ని న్యాయంగా లెక్కకట్టే దారి ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణలన్నీ భారతదేశంలో నెల జీతం మీద, నిర్ణీత పనివేళల్లో పనిచేసేవారికి సంబంధించినవి.

పూట లెక్క ఎక్కడిది

పారిశ్రామిక యుగం తొలినాళ్లలో బ్రిటన్ బట్టల మిల్లుల్లో గంట కొట్టాక కొద్దిసేపటికి గేటు మూసేవారు. ఆ తరవాత వచ్చినవారికి పావు రోజు కూలీ పోయేది. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రాసిపెట్టే సాధనం లేని రోజులవి. గేటు ఇవతల ఉన్నారా, అవతల ఉన్నారా అన్నదొక్కటే తెలిసేది. మిల్లు గడియారాన్ని యజమానులు ముందుకీ వెనక్కీ జరుపుతున్నారన్న ఫిర్యాదులు వచ్చాక, 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం పనివేళలను అందరికీ కనిపించే బహిరంగ గడియారం ప్రకారం నడపాలని చెప్పింది. 1888లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, ఆబర్న్ పట్టణంలో నగల వ్యాపారి విల్లార్డ్ బండీ ఉద్యోగి వచ్చిన సమయాన్ని కాగితం మీద ముద్రించే గడియారం తయారుచేశాడు. ఆయన కంపెనీ తరవాతి విలీనాల్లో ఐబీఎంకు మూలమైన సంస్థలో కలిసింది.

బండీ గడియారంతో నిమిషం కొలతకు వచ్చింది. ఇప్పుడు వేలిముద్ర యంత్రం, ముఖం గుర్తించే యంత్రం సెకనుతో సహా రాసిపెడుతున్నాయి. అయినా గేటు కాలం నాటి పావు రోజు, అర రోజు కోతలు మాత్రం పోలేదు. నిమిషాల దాకా కొలిచి, ఆ కొలతను పక్కన పడేసి, పూట లెక్కన కోయడం నేటి హాజరు విధానాల్లో అన్నిటికన్నా పెద్ద లోపం.

మూడు లేట్లకు ఒక కోత

ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ పద్ధతికి లోతైన వేళ్లున్నాయి. తెలుగు రాష్ట్రాల కార్యాలయాల్లో పది నిమిషాల గ్రేసు, మూడు లేట్లకు ఒక సీఎల్ అన్నది తరాలుగా ఉద్యోగుల నోట నానిన లెక్క. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఒక రోజు ఆలస్యానికి అర రోజు సీఎల్ తగ్గిస్తారు. తప్పనిసరి కారణం ఉందని పై అధికారి నమ్మితే, గంట లోపు ఆలస్యాన్ని నెలలో రెండుసార్ల వరకు మన్నించవచ్చు. అక్కడ పోయేది జీతం కాదు, సెలవు. ఆ సెలవు కూడా ఉద్యోగికి ముందే ఇచ్చిన వాటాలోంచి పోతుంది. ప్రైవేటు సంస్థలు ఇదే లెక్కను తెచ్చుకుని, సెలవులు అయిపోయిన ఉద్యోగికి జీతంలోంచి కోయడం మొదలుపెట్టాయి. చిక్కు అక్కడే వచ్చింది.

ఒక మధ్యతరహా ఫ్యాక్టరీని ఊహించుకుందాం. పనివేళ ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు, మధ్యలో అరగంట భోజన విరామం. రోజుకు 8 గంటల పని, నెలకు 26 పనిరోజులు. అంటే నెలకు 208 గంటలు, నిమిషాల్లో 12,480. ఒక ఉద్యోగి నెల జీతం 18,720 రూపాయలనుకుంటే రోజుకు 720, గంటకు 90, నిమిషానికి రూపాయిన్నర పడుతుంది. గ్రేసు పది నిమిషాలు. అది దాటి వస్తే లేట్ మార్కు. మూడు మార్కులకు అర రోజు, అంటే 360 రూపాయల కోత.

అక్కడి అకౌంట్స్ గుమస్తా ప్రతిరోజూ 9.09కి పంచ్ చేస్తాడు. 26 రోజులకు ఆయన పోగొట్టిన పనికాలం 234 నిమిషాలు, దాదాపు నాలుగు గంటలు. డబ్బులో 351 రూపాయలు. కోత మాత్రం సున్నా. ప్యాకింగ్ విభాగంలో పనిచేసే మహిళ 23 రోజులు తొమ్మిదికి ముందే వచ్చింది. మూడు రోజులు మాత్రం 9.11కి వచ్చింది. ఆమె వల్ల పోయినవి 33 నిమిషాలు, విలువ 49 రూపాయల 50 పైసలు. ఆమెకు పడిన కోత 360 రూపాయలు. గుమస్తా పోగొట్టిన కాలంలో ఏడో వంతు కూడా పోగొట్టని మనిషి, పోయిన దానికి ఏడు రెట్లకు పైగా చెల్లించింది.

ఈ ఫలితానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. రోజువారీ గ్రేసును గీతగా పెట్టి, గీత దాటడాన్ని మార్కుగా మార్చి, మార్కును పూటగా మార్చితే లెక్క దానంతట అదే ఇలా తేలుతుంది. రోజూ కొంచెం ఆలస్యమయ్యేవారికి ఇది మేలు చేస్తుంది. ఎప్పుడో ఒకసారి బస్సు తప్పినవారిని పట్టుకుంటుంది.

చట్టం గీసిన గీత

భారత చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో 9వ సెక్షన్, దాని స్థానంలోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లో 20వ సెక్షన్ ఒకే సూత్రం చెబుతాయి. పాత చట్టం నిర్దిష్ట పరిమితి లోపు జీతాలవారికే వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కోడ్ జీతం ఎంతైనా ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. పనికి రానందుకు చేసే కోత, మొత్తం వేతనంలో ఎంత భాగమో చూడాలి. పనిచేయవలసిన మొత్తం కాలంలో రాని కాలం ఎంత భాగమో చూడాలి. మొదటి భాగం రెండో భాగాన్ని మించకూడదు. పూర్తి రోజు రాకపోయినా, రోజులో కొంత భాగం రాకపోయినా ఇదే కొలత. లెక్కగా రాస్తే ఇలా ఉంటుంది:

గరిష్ఠ కోత = నెల వేతనం × రాని నిమిషాలు ÷ ఆ నెలలో పనిచేయవలసిన నిమిషాలు

చట్టంలో దీనికి ఒక మినహాయింపు ఉంది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది కూడబలుక్కుని, ముందు నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల వేతనం దాకా కోయవచ్చు. బస్సు ఆలస్యం ఆ కోవలోకి రాదు. కాబట్టి ప్యాకింగ్ కార్మికురాలి నుంచి 49 రూపాయల 50 పైసలకు మించి ఒక్క రూపాయి కోసినా అది ‘పనికి రానందుకు కోత’ కాదు. అది జరిమానా అవుతుంది.

జరిమానాకు వేరే దారి ఉంది. ఏయే పనులకు జరిమానా వేస్తారో ప్రభుత్వ ఆమోదం పొందిన జాబితాలో ఉండాలి. ఆ జాబితాను పనిస్థలంలో ప్రదర్శించాలి. ఉద్యోగికి తన కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఒక వేతన కాలంలో వేసే మొత్తం జరిమానా ఆ కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. మన ఉదాహరణలో అది 561 రూపాయల 60 పైసలు. 90 రోజులు గడిచాక వసూలు చేయకూడదు. వసూలైన సొమ్మును రిజిస్టరులో రాసి ఉద్యోగుల మేలుకే ఖర్చుపెట్టాలి, యజమాని ఖాతాలో కలపకూడదు. ‘మూడు లేట్లకు హాఫ్ డే’ అమలుచేసే సంస్థల్లో ఈ మెట్లు ఎక్కినవి అరుదు. జీతం సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి టిక్ చేస్తే కోత పడిపోతుంది, అది జరిమానా అన్న స్పృహ కూడా ఉండదు.

అలవాటుగా ఆలస్యంగా రావడాన్ని అరికట్టే హక్కు యజమానికి లేదని కాదు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద తయారైన నమూనా నియమాలు అలవాటుగా ఆలస్యంగా రావడాన్ని దుష్ప్రవర్తనగా పేర్కొన్నాయి. ఆలస్యానికి చేసే కోతకు మాత్రం వేతన చెల్లింపు చట్టాన్నే చూడమన్నాయి. క్రమశిక్షణకు మెమో, విచారణ ఉన్నాయి. జీతం లెక్కకు నిమిషాలున్నాయి. ఒకదాని పని మరొకదానితో చేయించబోతేనే అన్యాయం మొదలవుతుంది.

నిమిషం విలువ ఎంత

పై సూత్రంలో కింద ఉన్న అంకె, అంటే హారం, ఎంత తీసుకోవాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. 26 రోజులతో భాగించే అలవాటు చాలాచోట్ల ఉంది. గ్రాట్యుటీ చట్టంలోని 15/26 లెక్క వల్ల కూడా ఆ అంకెకు గౌరవం వచ్చింది. చట్టం మాత్రం 26 అని చెప్పలేదు, ‘పనిచేయవలసిన మొత్తం కాలం’ అంది. 31 రోజుల నెలలో నాలుగే ఆదివారాలు పడి, పండగ సెలవు లేకపోతే పనిరోజులు 27 అవుతాయి, అంటే 12,960 నిమిషాలు. అప్పుడు 18,720 రూపాయల జీతానికి నిమిషం విలువ రూపాయి 44 పైసలు. 26తో భాగించిన రూపాయిన్నర దానికన్నా ఎక్కువ, కాబట్టి ఆ నెలలో కోత చట్టం గీతను కొంచెం దాటుతుంది. సెలవులు వచ్చి 24 రోజులే పని ఉన్న నెలలో నిమిషం విలువ రూపాయి 62 పైసలకు పైగా ఉంటుంది. అప్పుడు 26 లెక్క ఉద్యోగికి అనుకూలం.

రెండు దారులు సరైనవి. ఒకటి, ప్రతి నెలా అసలు పనిరోజులను వాడడం. రెండోది, ఎప్పుడూ 30 లేదా 31 రోజులతో భాగించడం. రెండోది వాడితే నిమిషం విలువ రూపాయి 30 పైసలకు అటూఇటూ ఉండి, ఏ నెలలోనూ గీత దాటదు. చిన్న సంస్థలకు రెండో దారి మంచిది. తప్పు జరిగినా ఉద్యోగి వైపే జరుగుతుంది, చట్టానికీ ఇబ్బంది లేదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. జీతాలు నెలాఖరుకే ఇవ్వాలని చాలా సంస్థలు హాజరును 25వ తేదీన మూసేస్తాయి. అప్పుడు ఆలస్యపు నిమిషాలు గత నెల 26 నుంచి ఈ నెల 25 వరకు ఉంటే, హారం మాత్రం ఈ నెల 1 నుంచి 31 వరకు ఉంటుంది. పైనా కిందా ఒకే కాలానికి చెందినవి కావాలి. లేకపోతే పండగల నెల పక్కన సెలవు లేని నెల వచ్చినప్పుడు లెక్క తప్పుతుంది.

నెల ఖాతా: ఒక ఉదాహరణ

రోజువారీ గీతకు బదులు నెల ఖాతా పెట్టడం ఈ సమస్యకు తగిన పరిష్కారం. ప్రతి రోజూ పోయిన నిమిషాలన్నిటినీ కూడాలి. నెలకు ఇన్ని నిమిషాలు మన్నింపు అని ముందే చెప్పాలి. నెలాఖరున మన్నింపును తీసేసి, మిగిలిన నిమిషాలకే కోత వేయాలి. పై ఫ్యాక్టరీలోని స్టోర్సు ఉద్యోగి ఒక నెల హాజరు తీసుకుని చూద్దాం. జీతం అదే 18,720, పనిరోజులు 26. పది రోజులు ఆయన ఆలస్యంగా వచ్చాడు. ఆ నిమిషాలు వరసగా 4, 12, 7, 25, 9, 11, 40, 3, 8, 14. మొత్తం 133 నిమిషాలు. చట్టం అనుమతించే గరిష్ఠ కోత 199 రూపాయల 50 పైసలు.

మూడు లేట్ల పద్ధతిలో పది నిమిషాలు దాటినవి ఐదు. ఒక మూడు పూర్తయింది కాబట్టి అర రోజు, 360 రూపాయలు పోతాయి. గరిష్ఠం కన్నా 160 రూపాయల 50 పైసలు ఎక్కువ. గ్రేసు దాటిన ప్రతి ఆలస్యాన్నీ అరగంటల్లోకి పైకి సవరించే పద్ధతిలో 12, 25, 11, 14 నిమిషాలు నాలుగు అరగంటలవుతాయి, 40 నిమిషాలు గంటవుతుంది. మొత్తం 180 నిమిషాలు, 270 రూపాయలు. ఇదీ గీత దాటిందే. గ్రేసు దాటిన రోజుల నిమిషాలను ఉన్నవి ఉన్నట్టు కూడితే 102 నిమిషాలు, 153 రూపాయలు. ఇది చట్టం లోపలే ఉంది. కానీ పదో నిమిషానికి సున్నా, పదకొండో నిమిషానికి పదకొండు నిమిషాల కోత అన్న ఎగుడుదిగుడు అలాగే ఉంటుంది.

నెల ఖాతాలో మన్నింపు 60 నిమిషాలనుకుందాం. 133లో 60 పోగా మిగిలేవి 73 నిమిషాలు, కోత 109 రూపాయల 50 పైసలు. నెలాఖరున ఒక్కసారి పావుగంటల్లోకి కిందికి సవరించుకుంటే 60 నిమిషాలు, 90 రూపాయలు. ఇదే కొలతను మొదటి ఇద్దరికీ పెట్టి చూడాలి. రోజూ తొమ్మిది నిమిషాలు ఆలస్యమయ్యే గుమస్తాకు 234లో 60 పోగా 174 నిమిషాలు, 261 రూపాయల కోత పడుతుంది. ప్యాకింగ్ కార్మికురాలి 33 నిమిషాలు మన్నింపులోనే ఇమిడిపోతాయి, కోత లేదు. ముగ్గురిలో ఎవరికీ చట్టం గీత దాటలేదు. ఎక్కువ పోగొట్టినవారికి ఎక్కువ కోత, తక్కువ పోగొట్టినవారికి తక్కువ కోత అన్న మామూలు క్రమం తిరిగి వచ్చింది.

60 నిమిషాలే ఎందుకని అడగవచ్చు. రోజుకు పది నిమిషాల గ్రేసు అంటే నెలకు 260 నిమిషాలు మన్నించడానికి యజమాని ఒప్పుకున్నట్టే. నెలకు 60 అంటే అంతకన్నా చాలా తక్కువే ఇస్తున్నాడు. అయినా ఉద్యోగులకు ఇది మెరుగ్గా అనిపిస్తుంది. ఒకే రోజు నలభై నిమిషాలు ఆలస్యమైనా పూట పోదని తెలుస్తుంది కాబట్టి. సగటున రోజుకు రెండు మూడు నిమిషాలు అన్న అంచనాతో 60 దగ్గర మొదలుపెట్టి, రెండు మూడు నెలల హాజరు చూసి పెంచడమో తగ్గించడమో చేయాలి. నెల మధ్యలో చేరినవారికి, దీర్ఘ సెలవులో ఉన్నవారికి పనిరోజుల లెక్కన మన్నింపు తగ్గుతుంది. 13 రోజులు పనిచేసినవారికి 30 నిమిషాలు. వాడుకోని మన్నింపు పై నెలకు పోకూడదు. మిగిలిన ఆలస్యమూ పై నెలకు పోకూడదు.

రోజువారీ గ్రేసు ఎందుకు, ఎంత

నెల ఖాతా ఉన్నా, చిన్న రోజువారీ గ్రేసు కొంత అవసరమే. దాని పని ఉద్యోగి ఆలస్యాన్ని మన్నించడం కాదు, కొలతలోని దోషాన్ని సర్దడం. అరవైమందికి ఒకే యంత్రం ఉండి, ఒక్కొక్కరి వేలిముద్రకు ఐదు సెకన్లు పడితే చివరి మనిషి పంచ్ ఐదు నిమిషాల తరవాతే పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఆ మనిషివి కావు, యంత్రానివి. పొలం పనులు, ఇటుక పనులు, రసాయనాల పనులు చేసిన చేతుల వేలిముద్రలు అరిగి ఉంటాయి. యంత్రం రెండుమూడుసార్లు తిరస్కరిస్తుంది, వరస ఇంకా సాగుతుంది. యంత్రం గడియారం నెట్‌వర్క్‌తో సరిచూసుకోనిదైతే కొన్ని వారాల్లోనే నిమిషం రెండు నిమిషాలు తప్పుతుంది. గేటు దగ్గర యంత్రం పెడితే ఒక సమయం, రెండో అంతస్తులో పెడితే ఇంకో సమయం.

కాబట్టి గ్రేసు ఎంతో ఊహతో కాదు, కొలిచి పెట్టాలి. వారం రోజులు పనివేళకు ముందు పది నిమిషాలు, తరవాత పది నిమిషాలు పంచ్‌ల మధ్య వ్యవధి చూస్తే వరస ఎంత సాగుతుందో తెలిసిపోతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. ఆ లోపు వచ్చినవి ఖాతాలో ఎక్కవు. అంతకన్నా పెద్ద గ్రేసు అవసరమనిపిస్తే ఇంకో యంత్రం కొనడం మేలు.

ఊరి బస్సు ఒకటి 8.20కి, తరవాతది 9.06కి చేరే చోట ఆ ఊరి నుంచి వచ్చేవారందరూ రోజూ ఆలస్యమే అవుతారు. దీన్ని గ్రేసుతో సరిచేయబోతే అందరికీ పావుగంట ఇవ్వాల్సి వస్తుంది. ఆ ఊరివాళ్ల పనివేళను 9.15 నుంచి 5.45 వరకు మార్చితే ఆలస్యమూ ఉండదు, కోతా ఉండదు. ప్రతి నెలా ఒకే మనిషికి ఒకే వేళలో ఆలస్యం కనిపిస్తే ముందు చూడవలసింది ఆ మనిషి దారి.

కొన్ని పనుల్లో మాత్రం గ్రేసు ఖరీదు ఇంకొకరి మీద పడుతుంది. ఆసుపత్రిలో ఉదయం నర్సు పన్నెండు నిమిషాలు ఆలస్యమైతే రాత్రంతా పనిచేసిన నర్సు ఆ పన్నెండు నిమిషాలూ వార్డులోనే ఉండాలి. కొలిమి దగ్గరా, గేటు కాపలా దగ్గరా అంతే. ఇలాంటి చోట్ల వచ్చేవారికి గ్రేసు ఇచ్చి, ఆగినవారికి ఏమీ ఇవ్వకపోవడం పెద్ద అన్యాయం. రెండు షిఫ్టులకు పది నిమిషాలు అతివ్యాప్తి పెట్టి ఆ పది నిమిషాలకూ ఇద్దరికీ జీతమివ్వడం, అంతకు మించి ఆగితే ఆగినవారి ఖాతాలో ఆ నిమిషాలు రాయడం సరైన ఏర్పాటు.

సవరింపు: జపాన్, అమెరికా

నిమిషాలను గుండ్రని అంకెల్లోకి మార్చడం గురించి జపాన్ లెక్క స్పష్టంగా ఉంటుంది. అక్కడి కార్మిక ప్రమాణాల చట్టం 24వ అధికరణ వేతనం పూర్తిగా చెల్లించాలంటుంది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే అరగంట జీతం కోయడం దానికి విరుద్ధం, పోయిన నిమిషాలకు మించి కోస్తే అది శిక్ష. శిక్షకు 91వ అధికరణ హద్దు పెట్టింది: ఒక్కో తప్పుకు ఒక రోజు సగటు వేతనంలో సగం, మొత్తం మీద ఆ కాలపు వేతనంలో పదో వంతు. అదనపు పనిగంటల విషయంలో కార్మిక శాఖ నెల మొత్తం మీద ఒక్కసారి అరగంట లోపువి వదిలేసి, అరగంట, ఆ పైవి గంటగా తీసుకోవడానికి ఒప్పుకుంది. రోజువారీగా కత్తిరించడానికి ఒప్పుకోలేదు. ఒక రోజు పోయే ఐదారు నిమిషాలు చిన్నవే, ఇరవై ఆరు రోజులు పోతే అవి గంటలవుతాయి. నెలాఖరున ఒక్కసారి సవరిస్తే తేడా అరగంట లోపే ఉంటుంది.

అమెరికాలో సమాఖ్య నియమం రోజువారీ సవరింపును ఒప్పుకుంటుంది: దగ్గరి ఐదు నిమిషాలకు, గంటలో పదో వంతుకు, లేదా పావుగంటకు. షరతు ఒకటే, కాలం గడిచేకొద్దీ అది రెండు వైపులా సమానం కావాలి. పావుగంట సవరింపులో ఏడు నిమిషాల వరకు కిందికి, ఎనిమిది నుంచి పైకి పోతాయి. కాగితం మీద ఇది న్యాయమే. 9.01కే లేట్ మార్కు వేసే సంస్థలో మాత్రం అందరూ 8.54కో 8.55కో వచ్చేస్తారు. ఆ నిమిషాలు 9 లోకి సవరిస్తే పోయేది ఎప్పుడూ ఉద్యోగికే. గ్రేసు నియమం, సవరింపు నియమం ఒకదానికొకటి ఏం చేస్తాయో కలిపి చూడకపోతే ఈ లోపం కనిపించదు. తెలుగువాళ్లు చాలామంది గంటల వేతనం మీద పనిచేసే దేశం కాబట్టి తమ టైమ్‌షీట్‌లో ఈ సంగతి చూసుకోవడం వాళ్లకూ అవసరమే.

ఎక్కడ చెడుతుంది, ఎలా తెలుస్తుంది

నియమం బాగుందో లేదో హాజరు పట్టీయే చెబుతుంది. మూడు నెలల పంచ్ సమయాలను నిమిషాల వారీగా గీసి చూస్తే చాలు. పది నిమిషాల గ్రేసు పెట్టిన చోట 9.08 నుంచి 9.10 మధ్య పంచ్‌లు గుట్టగా పేరుకుని, 9.11 దగ్గర ఒక్కసారిగా పడిపోతే గ్రేసే అసలు పనివేళ అయిపోయిందని అర్థం. 9.20 తరవాత పంచ్‌లు దాదాపు ఆగిపోయి, భోజనం తరవాత 1.30 దగ్గర మళ్లీ కొందరు కనిపిస్తే అది ఇంకా చెడ్డ గుర్తు. ఎలాగూ పూట పోతుంది కదా అని జనం ఉదయం రావడమే మానేశారన్నమాట. పావుగంట ఆలస్యాన్ని ఆపబోయి సంస్థ నాలుగు గంటల పని పోగొట్టుకుంటోంది. నెల ఖాతాకు మారాక ఈ రెండో గుట్ట తగ్గిందో లేదో చూడడం మంచి పరీక్ష.

వాన, రైలు ఆగడం, బంద్ లాంటి రోజున సగంమంది ఆలస్యమైతే ఆ రోజును అందరి ఖాతాలోంచీ తీసేయాలి. అలాంటి రోజు ఒక్కొక్కరూ వెళ్లి కారణం చెప్పుకుని మన్నింపు తెచ్చుకోవాలంటే, అడగగలిగినవారికే అది దొరుకుతుంది.

సాయంత్రం ఆగి పూడ్చుకున్న నిమిషాల సంగతి కూడా ముందే తేల్చాలి. ఉదయం ఇరవై నిమిషాలు ఆలస్యమైన మనిషిని ‘ఆగి పూర్తిచేసి వెళ్లు’ అని అధికారే చెప్పి, నెలాఖరున ఆ ఇరవై నిమిషాలూ కోస్తే ఒకే కాలానికి రెండుసార్లు వసూలు చేసినట్టు. అదే రోజు, అధికారికి తెలిసి, చేసిన పనిని ఖాతాలో తగ్గించాలి. అయితే ఫ్యాక్టరీల్లో ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. కాబట్టి ఒక రోజు ఆలస్యాన్ని ఇంకో రోజు ఓవర్‌టైముతో కొట్టేయడం కుదరదు. అలా చేస్తే రెట్టింపు విలువున్న గంటను సగం ధరకు కొన్నట్టు అవుతుంది.

సెలవులోంచి కోత పెట్టే సంస్థలు కూడా జాగ్రత్త పడాలి. సెలవు ఖాతా సున్నా అయిన మరుక్షణం అర సీఎల్ కోత లాస్ ఆఫ్ పేగా మారుతుంది. అప్పుడు వేతన చట్టం లెక్క దానికి వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ మార్పును గమనించదు. అర రోజును అర రోజుగానే జీతంలోకి పంపిస్తుంది. సెలవులు అయిపోయేది ఎక్కువగా ఏడాది చివర, పిల్లలున్న ఆడవాళ్లకూ, జబ్బుపడినవారికీ.

జీతం స్లిప్పులో

ఉద్యోగి తన కోతను తానే సరిచూసుకోగలగాలి. అందుకు స్లిప్పు మీద నాలుగు అంకెలు చాలు: ఆ కాలంలో పనిచేయవలసిన నిమిషాలు, ఆలస్యపు నిమిషాల మొత్తం, మన్నించినవి, కోత వేసిన నిమిషాలు. పక్కనే రూపాయలు. ‘లేట్ డిడక్షన్ 360’ అని ఒక్క వరస ఉంటే దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు, సమర్థించలేరు కూడా. రోజువారీ పట్టీ జీతం వేయడానికి మూడు రోజుల ముందు నోటీసు బోర్డు మీదో ఫోనులోనో కనిపించాలి. పంచ్ పడని రోజులు, బయటి పని మీద వెళ్లిన రోజులు, యంత్రం ఆగిన రోజులు అప్పుడే సరిదిద్దుకోవాలి. తరవాత తేలిన తప్పును పై నెల స్లిప్పులో ఏ తేదీ తప్పో, ఎంత తిరిగి ఇచ్చారో చూపుతూ వేరే వరసలో వేయాలి.